92% ప్లేస్‌మెంట్: ఎంతమందిలో?

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నాలుగు అడుగులు వేసేలోపు చేతిలో నాలుగు కరపత్రాలు పడతాయి. మా చిన్నమ్మ కూతురు తెచ్చి చూపించింది వాటిలో ఒకటి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు, నాలుగు నెలలు, కోడింగ్ రాకపోయినా ఫరవాలేదు, 92% ప్లేస్‌మెంట్. అడుగున చిన్న అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’. ఫీజు 75 వేలు. ఆమె బీకామ్ చదివి హబ్సిగూడలో అమెరికా ఆసుపత్రుల మెడికల్ బిల్లింగ్ చేసే ఆఫీసులో ఐదేళ్లుగా పని చేస్తోంది. జీతం 26 వేలు. రాజీనామా చేసి ఫుల్‌టైమ్ బ్యాచ్‌లో చేరదామని ఆలోచన. నేను టెస్టింగ్‌లోనే ఉన్నాను, కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేసే బెంచీకి ఇవతలి పక్క కూర్చుంటాను కాబట్టి, “అన్నయ్యా, ఇది నమ్మొచ్చా?” అని అడిగింది.

నమ్మొచ్చా లేదా అన్నది తర్వాత. అసలు ఆ వాక్యాన్ని పరీక్షించగలమా అన్నది ముందు. మా పనిలో కొత్త రిక్వైర్‌మెంట్ చేతికొచ్చినప్పుడు మొదట చూసేది ఇదే. ‘పేజీ త్వరగా తెరుచుకోవాలి’ అని రాసి ఇస్తే వెనక్కి పంపేస్తాం. ఎన్ని సెకన్లలో, ఒకేసారి ఎంతమంది వాడుతుండగా అని రాయించుకున్నాకే టెస్ట్ కేసు రాస్తాం. లేకపోతే పాస్ అయిందో ఫెయిల్ అయిందో తేల్చే దారి ఉండదు. ‘92% ప్లేస్‌మెంట్’ కూడా అలాంటి వాక్యమే. ఎంతమందిలో 92 శాతం? ప్లేస్‌మెంట్ అంటే వాళ్ల లెక్కలో ఏమిటి? ఎన్నాళ్లలోపు? ఈ మూడూ తేలకుండా ఆ సంఖ్య నిజమూ కాదు, అబద్ధమూ కాదు.

ఎంతమందిలో అన్న ప్రశ్న దగ్గరే కథంతా ఉంది. ఊహకు ఒక బ్యాచ్ తీసుకుందాం. 60 మంది ఫీజు కట్టి చేరారు. జావా కోడింగ్ మొదలయ్యాక కొందరు, ఇంట్లో ఇబ్బందులతో కొందరు, మొత్తం 14 మంది మధ్యలో మానేశారు. మిగిలింది 46. కోర్సు చివర్లో మాక్ ఇంటర్వ్యూలు పెట్టి, హాజరు చూసి, 26 మందిని ‘ప్లేస్‌మెంట్‌కు ఎలిజిబుల్’ అన్నారు. ఆ 26 మందిలో 24 మందికి ఏదో ఒక ఆఫర్ లెటర్ వచ్చింది. 24ను 26తో భాగిస్తే 92 శాతం. లెక్కలో తప్పేమీ లేదు. కాకపోతే చేరిన 60 మందిలో ఆఫర్ చూసింది 40 శాతమే.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. ఆ 24 మందిలో ఉద్యోగంలో నిజంగా చేరింది 17 మంది. మిగతావాళ్లలో కొందరికి జాయినింగ్ తేదీ వాయిదా మీద వాయిదా పడింది, కొందరిని డిపాజిట్ కట్టమన్నారు, కొందరికి జీతం హాస్టల్ ఖర్చుకు కూడా చాలదు. చేరిన 17 మందిలో టెస్టింగ్ పని చేస్తున్నది 9 మంది. తక్కినవి కస్టమర్ సపోర్ట్, డేటా ఎంట్రీ, అదే ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలర్ ఉద్యోగం కూడా ఒకటి. 60లో 9 అంటే 15 శాతం. ఒకే బ్యాచ్, ఒకే ఫలితాలు. గోడ మీద 92, చేరబోయే మనిషికి 15.

ఇందులో అసలు కీలకం ‘ఎలిజిబుల్’ అన్న మాట. ఎవరు ఎలిజిబులో తేల్చేది ఇన్‌స్టిట్యూటే. ఉద్యోగం రాదనిపించినవాళ్లను ముందే పక్కన పెట్టేసి, వచ్చేవాళ్లతో శాతం కట్టే వెసులుబాటు వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఆ ఎంపిక ఎంత కఠినంగా చేస్తే శాతం అంత పెరుగుతుంది.

ఇది అమీర్‌పేట చిట్కా మాత్రమే అనుకోవద్దు. అమెరికాలో లాంబ్డా స్కూల్ అని ఒక పెద్ద కోడింగ్ బూట్‌క్యాంప్, అంటే కొన్ని నెలల్లో కోడింగ్ నేర్పే సంస్థ, ఉండేది. తర్వాత బ్లూమ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీగా పేరు మార్చుకుంది. ఉద్యోగం వచ్చాక జీతంలోంచి ఫీజు కట్టండి అనే పద్ధతితో పేరు తెచ్చుకుంది. 71 నుంచి 86 శాతం మందికి ఉద్యోగాలు వచ్చాయని ప్రచారం చేసుకుంది. అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ, కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరో, తవ్వి చూస్తే వాళ్ల సొంత లెక్కల్లోనే అది 50 శాతం దగ్గర ఉంది, కొన్ని బ్యాచ్‌లలో 30కి పడిపోయింది. ఒక బ్యాచ్‌లో 100 శాతం ప్లేస్‌మెంట్ అని సంస్థ అధిపతి సోషల్ మీడియాలో గొప్పగా రాశాడు. ఆ లెక్కలో ఉన్నది ఒకే ఒక్క విద్యార్థి అని ప్రైవేటు మెసేజ్‌లో ఆయనే ఒప్పుకున్నాడు. 2024 ఏప్రిల్‌లో ఆ బ్యూరో సంస్థను వినియోగదారులకు అప్పులిచ్చే వ్యాపారం నుంచి శాశ్వతంగా, అధిపతిని విద్యార్థి రుణాల నుంచి పదేళ్లపాటు నిషేధించింది. ఒక్కరిలో ఒక్కరు కూడా 100 శాతమే మరి.

కాబట్టి మా చెల్లెలికి నేను చెప్పింది, శాతం అడగొద్దు, రెండు సంఖ్యలు అడుగు అని. ప్రశ్న కూడా కాగితం మీద రాసిచ్చాను: పోయిన ఏడాది జనవరి నుంచి జూన్ లోపు టెస్టింగ్ బ్యాచ్‌లలో ఫీజు కట్టి చేరినవాళ్లు ఎంతమంది? వాళ్లలో కోర్సు ముగిసిన 180 రోజుల్లోపు టెస్టింగ్ ఉద్యోగంలో చేరి, మొదటి నెల జీతం అందుకున్నవాళ్లు ఎంతమంది? 180 రోజులు నేను పుట్టించింది కాదు. అమెరికా బూట్‌క్యాంపులు కొన్ని కలిసి ఫలితాలను ఒకే తీరుగా ప్రకటించడానికి పెట్టుకున్న ప్రమాణంలో ఉన్న గడువే అది.

కౌన్సెలర్ జవాబులు మెట్లు మెట్లుగా వచ్చాయి. ముందు “అది కాన్ఫిడెన్షియల్ డేటా మేడమ్” అన్నారు. పేర్లు వద్దు, రెండు అంకెలు చాలు అంది. “బ్యాచ్ బ్యాచ్‌కీ మారుతుంటాయి మేడమ్, మీరు డెడికేషన్‌తో చేస్తే గ్యారంటీగా వస్తుంది” అన్నారు. ఆ గ్యారంటీ రాసిస్తారా అంది. “ఇవాళే కడితే పదివేలు తగ్గిస్తాం” అన్నారు. మూడో జవాబుకు అడిగిన ప్రశ్నతో సంబంధమే లేదు. ప్రతి బ్యాచ్‌లో ఎవరు ఎంత కట్టారో రూపాయి తేడా లేకుండా చెప్పగలిగే చోట, ఎంతమందికి ఉద్యోగం వచ్చిందో తెలియకపోవడం ఉండదు. తెలుసు, చెప్పడం లేదు, అంతే.

ఇక ప్లేస్‌మెంట్ అంటే ఏమిటన్నది. హైదరాబాద్‌లో ఈ మాటకు ఒక చీకటి అర్థం కూడా ఉంది. దాన్ని బయటపెట్టే ప్రశ్న ఒకటుంది. ‘నాకు టెస్టింగ్‌లో అనుభవం లేదు కదా, రెజ్యూమెలో ఏం రాయాలి?’ అని అమాయకంగా అడగాలి. కొన్నిచోట్ల, చేసిన ప్రాక్టీస్ ప్రాజెక్టు గురించి ఉన్నదున్నట్టు రాయమంటారు. ఇంకొన్నిచోట్ల గొంతు తగ్గించి, “రెండున్నరేళ్లు పెట్టేద్దాం మేడమ్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ మనమే చూసుకుంటాం, దానికి వేరే ప్యాకేజీ ఉంది” అంటారు. ఆ జవాబు వచ్చిందంటే వాళ్ల ప్లేస్‌మెంట్ లెక్కలో సగం అర్థం అయిపోయినట్టే.

దొంగ అనుభవంతో ఇంటర్వ్యూ గట్టెక్కినవాళ్లను కూడా ఇన్‌స్టిట్యూట్ ‘ప్లేస్డ్’ అనే లెక్కేస్తుంది. చేరిన కొన్ని వారాలకు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మొదలవుతుంది. వెరిఫికేషన్ చేసేవాళ్లు చూసేది లెటర్‌హెడ్ ఒక్కటే కాదు. పీఎఫ్‌లో చేరిన ఉద్యోగికి యూఏఎన్ నంబరు ఉంటుంది, ఏ కంపెనీలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నారో దాని సర్వీస్ హిస్టరీలో కనిపిస్తుంది. మా చెల్లెలి విషయంలో అయితే ఇంకా తేలిక. ఆ రెండున్నరేళ్లూ ఆమె పీఎఫ్ హబ్సిగూడ ఆఫీసు నుంచే జమ అయింది. అదే కాలంలో ఇంకో కంపెనీలో టెస్టర్‌గా ఉన్నట్టు రాస్తే ఒక్క చూపులో దొరికిపోతుంది. పీఎఫ్ కూడా పాత తేదీలతో కట్టిస్తామనేవాళ్లున్నారు. పాస్‌బుక్‌లో జీతం ఏ నెలదో, డబ్బు ఎప్పుడు జమైందో రెండూ ఉంటాయి. ఏడాది కిందటి నెలలన్నిటి సొమ్మూ ఒకే వారంలో పడితే అది అనుభవం కాదని ఎవరికైనా తెలుస్తుంది. దొరికితే పోయేది ఉద్యోగం. నకిలీ పత్రాలిచ్చిన కేసు అభ్యర్థి మెడకూ చుట్టుకుంటుంది. కానీ కరపత్రం మీది శాతం మాత్రం తగ్గదు, ఎందుకంటే ఆ లెక్క ఆఫర్ లెటర్ దగ్గరే ఆగిపోయింది.

రెండో రకం, ఇన్‌స్టిట్యూట్ తనకు తానే ఇచ్చుకునే ఉద్యోగం. ఆఫర్ లెటర్ మీద ఏదో టెక్నాలజీస్ ప్రైవేట్ లిమిటెడ్ అని ఉంటుంది, ఆరా తీస్తే పై అంతస్తులోనే ఆఫీసు. మూడు నెలల ‘ఇంటర్న్‌షిప్’, చేతికి నామమాత్రపు స్టైపెండ్ లేదా అదీ లేదు. దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. మన దేశంలో రిజిస్టరైన ప్రతి కంపెనీ తన లెటర్‌హెడ్ మీద సీఐఎన్ అనే 21 అక్షరాల గుర్తింపు సంఖ్య వేయాలని కంపెనీల చట్టంలోనే ఉంది. ప్రైవేట్ లిమిటెడ్ అని రాసుకుని సీఐఎన్ వేయకపోతే అక్కడే ఒక అనుమానం. వేస్తే, అందులో రాష్ట్రం రెండక్షరాల తర్వాత వచ్చే నాలుగు అంకెలు కంపెనీ పుట్టిన సంవత్సరం. mca.gov.in లో కంపెనీ మాస్టర్ డేటా తీస్తే రిజిస్టర్డ్ చిరునామా, డైరెక్టర్ల పేర్లు వస్తాయి. ఇన్‌స్టిట్యూట్ సొంతదారు పేరు, వాళ్ల బిల్డింగ్ చిరునామా అక్కడ కనిపిస్తే ఆ ‘హైరింగ్ పార్ట్‌నర్’ ఎవరో వేరే చెప్పక్కర్లేదు. మా చెల్లెలికి చూపించిన నాలుగు ఆఫర్ లెటర్లలో రెండింటి మీద సీఐఎన్ లేదు, ఒకటి కిందటి ఏడాదే పుట్టిన కంపెనీ. నాలుగోది నిజంగా పేరున్న కంపెనీదే. అయితే ఆ లెటర్‌లో పోస్టు ప్రాసెస్ అసోసియేట్. టెస్టింగ్ అన్న మాటే లేదు.

ఇంతవరకూ చేసింది కాగితాల పరిశీలన. అసలు పరీక్ష పాత విద్యార్థులతోనే. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన రెండు నంబర్లకు ఫోన్ చేసి తృప్తిపడటం. వాళ్లు ఏరి ఇచ్చిన నంబర్లు అవి. వాటితో తేలేది ఏమీ లేదు. గూగుల్ రివ్యూలు కూడా అంతే. ఐదు నక్షత్రాల రివ్యూలు తీసి తేదీలు చూడండి. ఒకే రోజు పది, పన్నెండు వచ్చి ఉంటాయి. సర్టిఫికెట్లు పంచేరోజు రిసెప్షన్ దగ్గర నిలబెట్టి రాయించినవి అవి. ‘సార్ బాగా చెప్తారు, డౌట్స్ క్లియర్ చేస్తారు’ అని ఉంటుంది. అది నిజమే కావచ్చు కూడా. కానీ అప్పటికి వాళ్లలో ఎవరికీ ఉద్యోగం రాలేదు.

అయినా ఆ రివ్యూలు ఒకందుకు పనికొస్తాయి. అవి పాత బ్యాచ్ పేర్ల జాబితా. మా చెల్లెలు ఎనిమిది నెలల కిందటి ఒక గుంపును పట్టుకుంది. వాళ్లలో కొందరి ప్రొఫైళ్లు లింక్డ్‌ఇన్‌లో దొరికాయి. చదువు దగ్గర ఆ ఇన్‌స్టిట్యూట్ పేరు పెట్టుకున్నవాళ్లు ఇంకొందరు దొరికారు. మెసేజ్ ఎవరికి పెట్టాలో ప్రొఫైల్‌లో ఉద్యోగం చూసి నిర్ణయించొద్దని ముందే చెప్పాను. పేర్లు వరసగా రాసుకుని, పై నుంచి కిందికి అందరికీ ఒకే మెసేజ్ పెట్టింది. ‘నేను ఈ కోర్సులో చేరదామనుకుంటున్నానండీ, మీకు ఉద్యోగం ఎలా వచ్చింది, ఎన్ని నెలలు పట్టింది, ఇంటర్వ్యూ వాళ్లు పెట్టించారా మీరే చూసుకున్నారా, పైన ఏమైనా డబ్బు అడిగారా’. ‘మీకు ఉద్యోగం వచ్చిందా’ అని మొహం మీద అడిగితే రానివాళ్లు జవాబివ్వడానికి ఇబ్బంది పడతారు. ‘ఎలా వచ్చింది’ అంటే రానివాళ్లు దిద్దడానికైనా రాస్తారు.

పదిమంది జవాబిచ్చారు. ముగ్గురు టెస్టింగ్‌లో ఉన్నారు, వాళ్లలో ఇద్దరు బీటెక్ అయిన వెంటనే చేరినవాళ్లు. ఇద్దరు సపోర్ట్ ఉద్యోగాల్లో ఉన్నారు. ఒకాయన దొంగ అనుభవంతో చేరి వెరిఫికేషన్‌లో పోగొట్టుకున్నాడు, ఇప్పుడు ఖాళీ. నలుగురికి ఏమీ రాలేదు. ఇన్‌స్టిట్యూట్ మీద పూర్తి దయ చూపి, సపోర్ట్‌నీ, పోయిన ఉద్యోగాన్నీ కూడా కలిపేసినా పదికి ఆరు.

“పదిమందితో ఏం తెలుస్తుంది, అదృష్టం బాగాలేక రానివాళ్లే తగిలారేమో” అని ఎవరైనా అనొచ్చు. లెక్క కట్టి చూద్దాం. నిజంగానే 92 శాతం మందికి ఉద్యోగం వస్తుంటే, యాదృచ్ఛికంగా పదిమందిని పట్టుకున్నప్పుడు ఆరుగురికో అంతకన్నా తక్కువమందికో మాత్రమే ఉద్యోగం ఉండే అవకాశం వెయ్యిలో ఆరు. కాలిక్యులేటర్‌లో ద్విపద సూత్రంతో ఎవరైనా సరిచూసుకోవచ్చు. అంటే కరపత్రం మాట నిలబడాలంటే మా చెల్లెలికి వెయ్యిసార్లలో ఆరుసార్లు జరిగేది ఆరోజే జరిగి ఉండాలి. పదిమంది చిన్న నమూనాయే. 60 శాతమా 55 శాతమా తేల్చడానికి అస్సలు చాలదు. 92 కాదని తేల్చడానికి మాత్రం చాలు.

ఈ పద్ధతికి హద్దులు లేకపోలేదు. జవాబిచ్చిన పదిమంది నిజంగా యాదృచ్ఛికంగా దొరికినవాళ్లు కాదు. కోపంతో ఉన్నవాళ్లు ఎక్కువ రాస్తారు, అది ఇన్‌స్టిట్యూట్‌కు అన్యాయం. ఉద్యోగం లేనివాళ్లు లింక్డ్‌ఇన్ తెరవడమే మానేస్తారు, మధ్యలో మానేసినవాళ్లు ఆ పేరు ప్రొఫైల్‌లో పెట్టుకోనే పెట్టుకోరు, అది ఇన్‌స్టిట్యూట్‌కు లాభం. నా అంచనాలో రెండోదే బరువు ఎక్కువ. అందుకే ‘పదికి ముగ్గురికి టెస్టింగ్ ఉద్యోగం’ అన్నదాన్ని నేను అవకాశంగా తీసుకోను, పైహద్దుగా తీసుకుంటాను. దానిలో కూడా తనలాంటివాళ్లు, అంటే బీకామ్ చదివి, ముప్పైకి దగ్గరపడి, వేరే రంగంలోంచి వచ్చినవాళ్లు ఒక్కరే అన్నది ఆమె గమనించిన విషయం. ఇన్‌స్టిట్యూట్ సగటు కంటే మనలాంటివాళ్ల సగటు ముఖ్యం.

ఆ ఒక్కరు ఎలా చేరారో అడిగితే తెలిసింది ఇంకా పనికొచ్చే విషయం. ఆమె అంతకుముందు ఇన్సూరెన్స్ క్లెయిముల ఆఫీసులో ఉండేది. అక్కడే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు యూజర్ యాక్సెప్టెన్స్ టెస్టింగ్‌కు, అంటే రోజూ వాడబోయేవాళ్లే దాన్ని సరిచూసే పనికి, మనుషులు కావాలంటే చేయి ఎత్తింది. ఆ పని చూపించే తర్వాత వేరే కంపెనీలో టెస్టర్‌గా చేరింది. ప్లేస్‌మెంట్ సెల్ ప్రమేయమే లేదు. ఇన్‌స్టిట్యూట్ గోడ మీద మాత్రం ఆమె ఫోటో ఉంది.

ఇది వింత కాదు. టెస్టింగ్‌లో అనుభవం లేనివాళ్లకు తలుపులు ఎలా తెరుచుకుంటాయో చూస్తే అర్థమవుతుంది. పెద్ద సర్వీస్ కంపెనీలు కాలేజీ క్యాంపస్‌లలో ట్రైనీలుగా తీసుకుని, లోపల శిక్షణ ఇచ్చి, ప్రాజెక్టు అవసరాన్ని బట్టి కొందరిని టెస్టింగ్‌కు పంపుతాయి. అక్కడ బయటి ఇన్‌స్టిట్యూట్ పాత్ర ఉండదు. బయట ప్రకటించే టెస్టర్ పోస్టుల్లో ఎక్కువ భాగం అనుభవం అడుగుతాయి. దీన్ని కూడా ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా చూసుకోవచ్చు. నౌకరీ లాంటి సైట్‌లో హైదరాబాద్, మాన్యువల్ టెస్టింగ్ అని వెతికి, అనుభవం సున్నా దగ్గర పెట్టి ఎన్ని పోస్టులొచ్చాయో రాసుకోండి, తర్వాత మూడేళ్ల దగ్గర పెట్టి రాసుకోండి. సున్నా దగ్గర వచ్చినవాటిని ఒక్కొక్కటి తెరిచి చూడండి, కొన్ని ఇన్‌స్టిట్యూట్ ప్రకటనలే ఉద్యోగం వేషంలో ఉంటాయి. మిగిలినవాటిలో కోడింగ్‌తో ముడిపడిన సెలీనియం, జావా, ఏపీఐ టెస్టింగ్, ఎస్‌క్యూఎల్ ఏవి ఎన్నిసార్లు అడిగారో గీతలు పెట్టుకోండి. ‘కోడింగ్ అక్కర్లేదు’ అన్న మాట ఎంతవరకు నిలుస్తుందో ఆ గీతలే చెప్తాయి.

ఇంటర్వ్యూల్లో నేను చూసేదానికి వస్తే, నాలుగు నెలల కోర్సు చేసినవాళ్ల రెజ్యూమెలు ఒకే అచ్చులో ఉంటాయి. అదే ఈ-కామర్స్ ప్రాజెక్టు, అవే లాగిన్ పేజీ టెస్ట్ కేసులు. క్లెయిమ్ ఎందుకు తిరస్కరణకు గురవుతుందో, ఒకే బిల్లు రెండుసార్లు వెళ్తే ఏమవుతుందో తెలిసిన మనిషి ఆరోగ్య రంగపు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ తప్పు దొరుకుతుందో ఇట్టే పసిగడుతుంది. మా చెల్లెలి దగ్గర ఉన్న ఆ ఐదేళ్ల బిల్లింగ్ జ్ఞానం కౌన్సెలర్ దృష్టిలో ‘నాన్ ఐటీ అనుభవం, రెజ్యూమెలో తీసేద్దాం’. దాన్ని తీసేసి దొంగ అనుభవం పెడదామనేవాళ్లకు ఆ రంగం మీద అవగాహన ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది.

డబ్బు సంగతి. 75 వేలు పెద్ద ఖర్చు కాదు, రాజీనామాయే పెద్ద ఖర్చు. నాలుగు నెలల కోర్సు, మరో రెండు నెలలు ఉద్యోగ వేట అనుకున్నా ఆరు నెలల జీతం లక్షా 56 వేలు. ఫీజుతో కలిపి 2 లక్షల 31 వేలు. ఈ మొత్తాన్ని పదికి మూడు, బహుశా అంతకన్నా తక్కువ అవకాశం మీద పెట్టాలా అన్నదే అసలు ప్రశ్న. సాయంత్రం బ్యాచ్ ఉంటే ఖర్చు మూడో వంతుకు పడిపోతుంది. వెంటనే కట్టలేనివాళ్లకు ‘జీరో కాస్ట్ ఈఎంఐ’ అంటారు. అది ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే వాయిదా కాదు, ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద ఇచ్చే అప్పు. డబ్బు మొత్తం ఇన్‌స్టిట్యూట్‌కు ముందే వెళ్లిపోతుంది. రేపు వాళ్లు బోర్డు తిప్పేసినా ఈఎంఐ మీ ఖాతాలోంచి కట్ అవుతూనే ఉంటుంది, ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఓటీపీ చెప్పేముందు అప్పిచ్చేవాళ్ల కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడిగి తీసుకోవాలి. అప్పిస్తున్నది ఎవరు, రద్దు చేసుకోవడానికి ఎన్ని రోజుల గడువుంది అన్నవి అందులోనే ఉంటాయి.

‘ఉద్యోగం రాకపోతే ఫీజు వాపసు’ అనేచోట ఒప్పందం వెనక పేజీలు చదవండి. 90 శాతం హాజరు, ప్రతి అసైన్‌మెంట్ గడువులోగా, చెప్పిన ప్రతి ఇంటర్వ్యూకూ వెళ్లడం, ఏ ఊరైనా ఏ పోస్టయినా వచ్చిన మొదటి ఆఫర్ తీసుకోవడం. వీటిలో ఒక్కటి తప్పినా గ్యారంటీ పోతుంది. మొదటి ఆఫర్ షరతే అసలు ఉరి. 12 వేల జీతంతో రాత్రి షిఫ్టు కాల్ సెంటర్ ఆఫర్ ఒకటి చూపిస్తే చాలు, వద్దంటే మీరే తప్పుకున్నట్టు. ఫీజు మీద కట్టిన 18 శాతం జీఎస్టీ సాధారణంగా వాపసు లెక్కలో ఉండదు.

ప్రకటనల మీద నియమాలున్నాయి, వాటిని బేరానికి వాడుకోవచ్చు. ప్రకటనల ప్రమాణాల మండలి, ఆస్కీ, నిబంధనల ప్రకారం విద్యాసంస్థలు ఆధారాలు లేకుండా ఉద్యోగం వస్తుందని నమ్మించే ప్రకటన ఇవ్వకూడదు. గత ఫలితాలు భవిష్యత్తులో ఉద్యోగానికి హామీ కావనే హెచ్చరికను కూడా వేయాలి, అదీ ఆ గొప్ప చెప్పుకున్న అక్షరాల సైజుకు తగ్గకుండా. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ రంగానికి ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. యాభై మందికి మించి విద్యార్థులున్న కోచింగ్ కేంద్రాలకు అవి వర్తిస్తాయి. ఎంపికల శాతం, ఉద్యోగ భద్రత గురించి తప్పుడు మాటలు చెప్పకూడదు. విద్యార్థి ఫోటో, పేరు వాడాలంటే విజయం సాధించిన తర్వాత రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఇన్సూరెన్స్ ఆఫీసు అమ్మాయి ఫోటో గోడకెక్కిందని ఆమెకు మా చెల్లెలు చెప్పేదాకా తెలియదు.

చెల్లెలు చివరికి ఆ 92% వాక్యాన్నే లెటర్‌హెడ్ మీద రాసి, దేనిలో శాతమో చేర్చి, సంతకం పెట్టి ఇవ్వమని అడిగింది. రసీదు నమూనా చూపించారు. దాని మీద ‘ట్రైనింగ్ ఫీజు మాత్రమే, వాపసు ఇవ్వబడదు’ అని ముద్ర. ఆమె చేరలేదు. ప్లేస్‌మెంట్ ఊసెత్తని ఒక ట్రైనర్ దగ్గర పొద్దున్నే ఆఫీసుకు ముందు సెలీనియం, ఎస్‌క్యూఎల్ నేర్చుకుంటోంది, తన ఆఫీసులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్పులు వచ్చినప్పుడు టెస్టింగ్‌కు పేరిచ్చింది. దానివల్ల ఉద్యోగం మారుతుందా అన్నది ఇంకా తేలలేదు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు కరపత్రం ఫోటో, కౌన్సెలర్ వాట్సాప్ మాటలు, డెమో క్లాసు ప్రకటన స్క్రీన్‌షాట్, రసీదు ఒకచోట పెట్టుకోవాలి. రసీదు మీద ఎవరి పేరుందో చూడండి, ఇన్‌స్టిట్యూట్ పేరు ఒకటి, డబ్బు వెళ్లిన ఖాతా పేరు ఇంకొకటి కావడం మామూలే. రెండింటి మీదా ఫిర్యాదు రాయాలి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్తే చాలాసార్లు సంస్థతో మాట్లాడి తేల్చే ప్రయత్నం చేస్తారు. తేలకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేసుకోవచ్చు. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ‘వచ్చే నెల పెద్ద డ్రైవ్ ఉంది, కొంచెం ఓపిక పట్టండి’ అనే ఫోన్లు ఎక్కువగా ఖర్చు చేయించేది ఆ రెండేళ్లనే.